ఆరు నెలల అతిథి

వయసు రాకముందే పని మానేసిన మనుషులు పీలమేడుకు కొత్త కాదు. 1888లో స్టేన్స్ మిల్లుతో మొదలై, 1910లో లక్ష్మీ మిల్లుతో జోరందుకుని, 1930ల్లో పైకారా కరెంటు రాగానే కోయంబత్తూరు చుట్టూ నూలు మిల్లులు వరసకట్టాయి. ఆ మిల్లుల కాలంలో అవినాశి రోడ్డు పక్కనున్న మా తెలుగు వీధులకు గడియారం అక్కర్లేదు. షిఫ్టు మారేటప్పుడు మోగే మిల్లు సంగే అందరి గడియారం. తరువాత ఒక్కో మిల్లూ మూతబడుతూ వచ్చింది. నలభై అయిదు, యాభై ఏళ్ళ వాళ్ళు స్వచ్ఛంద విరమణ కాగితం మీద సంతకం పెట్టి, చేతికొచ్చిన డబ్బుతో ఇంటి అరుగు మీద కూర్చున్నారు. వాళ్ళెవరూ కోరి కూర్చోలేదు. మా అన్న మాత్రం కోరి కూర్చున్నాడు.

అన్న అంటే పెద్దనాయన కొడుకు. పేరు చెప్పను. బెంగళూరులో యంత్రాల డిజైన్ చేసే కంపెనీలో ఇరవై మూడేళ్ళు పనిచేశాడు. చక్కెర వ్యాధి ఉంది, రక్తపోటు ఉంది, రోజుకు మూడు గంటలు ట్రాఫిక్‌లో పోయేవి. నలభై ఎనిమిదికి మానేసి, ఖర్చు తక్కువయ్యే సొంతూరికి వచ్చి, ఉన్న డబ్బు మీద బతకాలన్నది ఆలోచన. దుడుకు మనిషి కాడు. తెలియని బేరింగు వాడాల్సి వస్తే ముందు బెంచి మీద పెట్టి తిప్పి చూసే రకం. ఊరిని కూడా అలాగే తిప్పి చూడాలనుకున్నాడు. 2014 నవంబరు నుంచి 2015 ఏప్రిల్ దాకా జీతం లేని సెలవు పెట్టి పీలమేడులో ఉన్నాడు. ఈ ఆరు నెలలే అతన్ని ముంచాయని నా నమ్మకం. పరీక్ష చేయకుండా వచ్చి ఉంటే భయం మిగిలి ఉండేది. పరీక్ష చేసినందువల్ల ధైర్యం వచ్చింది.

ఆ ఆరు నెలలూ అతను రాసుకున్న లెక్క నేను చూశాను. పాలు, సింగానల్లూరు రైతు సంతలో కూరలు, పెట్రోలు, ఫోను, మందులు, అప్పుడప్పుడూ హోటలు, అన్నీ పైసలతో సహా ఉన్నాయి. సగటున నెలకు 24,600 రూపాయలు. ఇంజనీరు గనుక కాస్త వెసులుబాటు కలిపి 30,000 అనుకున్నాడు. లెక్కలో ఒక్క అబద్ధమూ లేదు. కాకపోతే అది పీలమేడులో కాపురం ఉన్న మనిషి లెక్క కాదు.

ఆ ఆరు నెలలు అతను ఉన్నది మా చిన్నాయన వాళ్ళ మేడమీది వాటాలో. అద్దె ఇస్తానంటే చిన్నమ్మ కొట్టినంత పని చేసింది. మధ్యాహ్నం భోజనం ఆమె చేతిదే, రాత్రి దోసెలు కూడా చాలాసార్లు ఆమెవే. వదిన బెంగళూరులో బడిపంతులు ఉద్యోగం చేస్తోంది, పాప ఏడో తరగతి. వాళ్ళిద్దరూ సంక్రాంతికి వచ్చి పదిరోజులు ఉండి వెళ్ళారు. అంటే ముగ్గురు మనుషుల కాపురాన్ని ఒక్క మనిషి పరీక్షించాడు, అదీ ఇంకొకరి వంటింట్లోంచి. కంపెనీ వైద్య బీమా సెలవులోనూ నడుస్తూనే ఉంది గనుక దానికీ పుస్తకంలో వరస లేదు. నెలలు ఎంచుకోవడంలో కూడా తెలియకుండానే తప్పించుకున్నాడు. దీపావళి అయిపోయాక వచ్చాడు, జూన్‌లో బడి ఫీజులు మొదలవకముందే వెళ్ళాడు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కోయంబత్తూరు ఎంత హాయిగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. పాలక్కాడు కనుమ గాలి, కుళాయిలో తియ్యటి శిరువాణి నీళ్ళు. ఆ నెలల్లో ఈ ఊరిని కాదనేవాడు ఉండడు.

చిన్నాయన మిల్లులో ఫిట్టరుగా చేసి విరమణ డబ్బు తీసుకున్నవాడే. ఏప్రిల్‌లో అన్న సామాను సర్దుకుంటుంటే ఒక మాట అన్నాడు. "ఒరే, నువ్వు ఇప్పుడు చుట్టానివి. తిరిగొస్తే మనవాడివి. రెంటికీ ఖర్చు వేరేరా." అన్న నవ్వాడు. ఖర్చంటే కూరగాయలని అతని లెక్క.

2015 జూన్‌లో రాజీనామా చేసి, బెంగళూరు ఫ్లాటు అమ్మి, ముగ్గురూ వచ్చేశారు. ఫ్లాటు సొమ్ము, భవిష్యనిధి, గ్రాట్యుటీ, పొదుపు అన్నీ కలిపి బాకీలు తీరాక మిగిలింది 80 లక్షలు.

మొదటి ఏడాదిలోనే నెల ఖర్చు నలభై వేలకు చేరింది. దుబారా ఏమీ లేదు. పెళ్ళాం బిడ్డలతో ఎవరి మేడమీదో ఉండలేరు గనుక అద్దె 9,000. కంపెనీ బీమా పోయింది గనుక సొంతంగా తీసుకున్న పాలసీకి నెలకు పడేది 2,300. ఇక నాలుగు వేలు చిన్నాయన చెప్పిన ఖర్చు. మా వాళ్ళలో పెళ్ళికీ చెవులు కుట్టడానికీ గృహప్రవేశానికీ చదివింపులు రాసే పుస్తకం ఉంటుంది, ఇక్కడ మొయ్ అంటారు. ఎవరు ఎంత పెట్టారో అందులో ఉంటుంది, అంతకు తగ్గకుండా తిరిగి పెట్టాలి. బెంగళూరులో ఉన్నంతకాలం ఏడాదికి రెండు శుభకార్యాలకు వచ్చి పోతే చాలు. ఊళ్ళో ఉంటే నెలకు మూడు. పైగా అన్న మేనమామ. చెల్లెలి కూతురికి సీరు పెట్టాల్సిన ఏడాది మూడు సవర్ల బంగారం కొన్నాడు. అది ఈ నాలుగు వేలలో కలపలేదు.

ఈ మర్యాదలను తప్పుపట్టను. పీలమేడు నిలబడింది వీటి మీదే. పి.ఎస్.గోవిందస్వామి నాయుడు గారి నలుగురు కొడుకులూ 1926లో ఆస్తిని అయిదు భాగాలు చేసి అయిదోది ధర్మానికి రాసిన ఊరు ఇది. ఇవాళ అవినాశి రోడ్డు మీద కనిపించే పీఎస్‌జీ కాలేజీలూ ఆసుపత్రీ ఆ అయిదో భాగమే. అలాంటి ఊళ్ళో చేయి ముడుచుకుని బతకడం చవక కాదు. ఊరు కాని ఊళ్ళో చవకగా బతకవచ్చు, సొంతూళ్ళో కష్టం. తక్కువ ఖర్చు కోసం సొంతూరికి వెళ్ళేవాళ్ళు దీన్ని ఎందుకో లెక్కలోకి తీసుకోరు.

అసలు దెబ్బ వేరేచోట తగిలింది. అది పైకి కనిపించలేదు.

అన్నకు షేర్లంటే నమ్మకం లేదు. 80 లక్షలూ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేశాడు. అప్పటి రేటు దాదాపు 8.5 శాతం. ఏడాదికి 6,80,000 వడ్డీ, ఖర్చు 4,80,000. పన్ను పోగా కూడా మిగులుతోంది. అసలు ముట్టుకోకుండా బతుకుతున్నానని గర్వంగా చెప్పేవాడు. ఆ రోజుల్లో అతనితో వాదించడానికి నా దగ్గరా లెక్క లేదు. ఇప్పుడు చేసి చూపగలను. ధరలు ఏటా ఆరు శాతం పెరుగుతాయనుకుంటే, 80 లక్షల విలువ తరగకుండా నిలవాలన్నా ఏటా 4,80,000 దానికే కలపాలి. అంటే వచ్చిన వడ్డీలో నిజంగా తినదగింది రెండు లక్షలే, నెలకు పదిహేడు వేల లోపు. మిగతాది వడ్డీ వేషం వేసుకున్న అసలు. మొదటి నెల నుంచే అతను అసలును తింటున్నాడు. పాసుబుక్కులో అంకె మారదు గనుక అది తెలియలేదు.

అమెరికాలో విలియం బెంగెన్ అనే ఆర్థిక సలహాదారు 1994లో ఒక లెక్క వేశాడు. మొదటి ఏడాది మొత్తం సొమ్ములో నాలుగు శాతం తీసుకుని, ఆపైన ధరలను బట్టి పెంచుకుంటూ పోతే డబ్బు ముప్పై ఏళ్ళు వస్తుందని. అది అక్కడి షేర్లూ బాండ్లూ కలిపి పెట్టినవాళ్ళ లెక్క, మామూలు వయసులో విరమించినవాళ్ళ లెక్క. ఇక్కడికి అలాగే అతకదు. అతికిందనుకున్నా 80 లక్షలకు నాలుగు శాతం అంటే నెలకు 26,700. అన్న ఖర్చు మొదటి ఏడాదే సొమ్ములో ఆరు శాతం. పైగా నలభై ఎనిమిదేళ్ళవాడికి ముప్పై కాదు, నలభై ఏళ్ళు రావాలి. పరీక్షలో వచ్చిన 24,600 ఆ గీతకు లోపలే ఉంది. అద్దె లేని మేడ, చిన్నమ్మ భోజనం, కంపెనీ బీమా లేకపోతే గీత దాటి ఉండేది. ఆ మూడూ కలిసి ఒక మనిషి చేత ఉద్యోగం మాన్పించాయి.

డిపాజిట్లు వేసిన తీరులో ఇంకో పొరపాటు ఉంది. అప్పట్లో పదేళ్ళకు కట్టినా ఎనిమిదికి పైనే వడ్డీ ఇచ్చేవారు. రేటు మళ్ళీ తొమ్మిదికి వస్తుందని అన్న ఏడాదికొకసారి తిరగవేస్తూ పోయాడు. 2016 నవంబరులో నోట్ల రద్దు జరిగి బ్యాంకుల నిండా డబ్బు చేరాక రేటు ఏడు లోపుకు దిగింది. 2020 సెప్టెంబరు నాటికి స్టేట్ బ్యాంకు ఏడాది డిపాజిట్‌కు ఇచ్చింది 4.9 శాతం. అప్పటికి అన్న చేతిలో ఉన్నది 75 లక్షలు. నెలకు వడ్డీ ముప్పై వేలు, ఖర్చు యాభై మూడు వేలు. పాప ఇంజనీరింగ్ ఫీజు వేరే. ఆరు నెలల పరీక్షలో వడ్డీ రేటు ఇంతగా కదలడం కనిపించలేదు మరి.

ఊరూ కదలకుండా ఉండలేదు. 2016లో ఈశాన్య రుతుపవనం తమిళనాడులో దారుణంగా మొహం చాటేసింది. మరుసటి వేసవికి శిరువాణి ఆనకట్ట అడుగంటి, కుళాయి వారానికి పైగా ఎండి, వీధుల్లోకి నీళ్ళ లారీలు వచ్చాయి. అది ఒక వేసవితో పోయింది. అద్దె పోలేదు. పీలమేడు పక్కనే విళాంకురిచ్చిలో టైడల్ పార్కు 2010లోనే వచ్చింది. దాని వెంట సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు, వాళ్ళ వెంట అపార్టుమెంట్లు. పెంకుటిళ్ళ అరుగులు ఒక్కొక్కటే పార్కింగులయ్యాయి. తొమ్మిది వేల అద్దె అయిదేళ్ళకు పద్నాలుగున్నర అయింది. అన్న ఆ ఆరు నెలల్లో ధరలన్నీ రాసుకున్నాడు గానీ, పక్కింటివాళ్ళను అయిదేళ్ళ కిందట అద్దె ఎంత ఇచ్చారని అడగలేదు. అడిగి ఉంటే వాలు తెలిసేది. ఊరు చవక అన్నది ఎప్పుడూ ఆ రోజు మాటే. చవకని తెలిసిన కొద్దీ అన్నలాంటివాళ్ళే వచ్చి దాన్ని ఖరీదు చేస్తారు.

2018 నవంబరులో గుండెపోటు వచ్చింది. బైపాస్ చేశారు. బిల్లు 4,60,000. బీమా కంపెనీ ఇవ్వలేదు. వాళ్ళ తప్పు లేదు. ముందునుంచీ ఉన్న జబ్బులకు నాలుగేళ్ళు ఆగాలని ఆ పాలసీలో స్పష్టంగా ఉంది, ఆ రోజుల్లో నియమం కూడా నాలుగేళ్ళ దాకా ఒప్పుకునేది. 2024లో దాన్ని మూడుకు తగ్గించారు. చక్కెర, రక్తపోటు పాలసీ కంటే పాతవి, గుండె జబ్బుకు వాటినే మూలంగా పట్టుకున్నారు. అన్నకు తొమ్మిది నెలలు తక్కువయ్యాయి. ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడే ఎవరో చెప్పారు, ఉద్యోగం వదిలేముందే అడిగి ఉంటే కంపెనీ బృంద పాలసీ నుంచి అదే బీమా సంస్థ సొంత పాలసీలోకి మారే వీలుందని, అప్పుడు గడిచిన ఏళ్ళు లెక్కలోకి వచ్చేవని. రాజీనామా ఉత్తరం ఇచ్చే ముందు వేయాల్సిన ఒక దరఖాస్తు అది.

ఆ మంచం దగ్గర వదిన నాతో అన్న మాట గుర్తుంది. "మీ అన్నయ్య ఊరిని చూసి వచ్చారు మరిదీ, మమ్మల్ని చూసి రాలేదు." ఆమె బెంగళూరు బడిలో పర్మనెంటు ఉద్యోగం వదులుకుని వచ్చింది. ఇక్కడి బడుల్లో అదే పనికి సగం జీతం అంటే వద్దని అన్నే ఆపాడు, డబ్బుందిగా అని.

వెనక్కి పోవడానికి దారి లేదు. ఫ్లాటు అమ్మకుండా రెండేళ్ళు అద్దెకిచ్చి ఉంటే, తాళం తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. అమ్మిన సొమ్ముకు అదే కాలనీలో మళ్ళీ కొనే ఆశ 2018కే పోయింది. అన్న ఉద్యోగాలకు రాశాడు. మూడేళ్ళ ఖాళీ, యాభై ఒకటో ఏడు, కొత్త బైపాసు. తరువాత కరోనా వచ్చి ఉన్నవాళ్ళనే ఇంటికి పంపారు.

2021లో గణపతి వైపు ఒక చిన్న వర్క్‌షాపులో చేరాడు. పంపుసెట్ల భాగాలు జాబ్ వర్కుకు తీసుకుని చెక్కే షెడ్డు. కొలతలు సరిచూసి దాటించడం అన్న పని, జీతం పద్దెనిమిది వేలు. తను డిజైన్ చేసిన యంత్రాల మీద ఒకప్పుడు కుర్రాళ్ళకు శిక్షణ ఇచ్చినవాడు వెర్నియర్ పట్టుకుని షాఫ్టులు కొలిచాడు. పని చేయడం సిగ్గని అతను ఎప్పుడూ అనుకోలేదు. సిగ్గుపడింది పెళ్ళిళ్ళకు. మొయ్ పుస్తకంలో తన పేరు పక్కన చిన్న అంకె రాయించుకోలేక శుభకార్యాలు మానేశాడు. ఒంట్లో బాగాలేదని కబురు పంపేవాడు. మొదట్లో అబద్ధం, తరువాత నిజం.

దివాలా తీయలేదని ఒప్పుకోవాలి. 2023 ఫిబ్రవరిలో పోయేనాటికి బ్యాంకులో 64 లక్షలున్నాయి. అంకె అయిదో వంతు తగ్గింది. ధరలు తీసి చూస్తే 2015 లెక్కన అది నలభై లక్షలు, సగం. నలభై ఏళ్ళు రావాల్సిన సొమ్ములో సగం ఎనిమిదేళ్ళలో పోయింది. వదిన, పాప ఆ మేలో బెంగళూరు వెళ్ళిపోయారు.

పోవడానికి ముందు సంవత్సరం, సింగపూరులో ఉన్న మేనత్త కొడుకు ఫోన్ చేశాడు. అతనికి నలభై ఆరు, అదే ఆలోచన. వద్దంటాడేమో అనుకున్నాను. అన్న వద్దనలేదు. గంటసేపు ఎలా రావాలో చెప్పాడు, నేను పక్కనే ఉన్నాను. నవంబరులో రావద్దు, ఏప్రిల్ చివర రా, మొదట ఎండా నీళ్ళూ చూడు. పదకొండు నెలల అద్దె ఒప్పందం పరాయివాళ్ళతో రాసుకో, అయినవాళ్ళ ఇంట్లో దిగవద్దు. పెళ్ళాం బిడ్డలు లేకుండా రావద్దు, పిల్లవాణ్ణి ఇక్కడి బడిలోనే వెయ్యి. అక్కడి ఇల్లు అద్దెకివ్వు, అమ్మవద్దు. ఇక్కడి బీమా ఇప్పుడే తీసుకో, నువ్వు వచ్చేసరికి కొంత గడువైనా గడుస్తుంది. ప్రతి నెలా ఒకటో తారీఖున నీ ప్రణాళికలో ఉన్నంత సొమ్మే ఒక ఖాతాలో వేసుకో, మిగతా కార్డులు పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. ముప్పయ్యో తారీఖు రాకముందే ఖాతా ఖాళీ అయిన నెలలు లెక్కపెట్టు. మొయ్ కూడా ఆ ఖాతాలోంచే. శుభకార్యాలకు పిలిస్తే చుట్టంలా కాదు, ఊరివాడిలా పెట్టు.

బావ చెప్పింది చెప్పినట్టే చేశాడు. అన్న పోయిన రెండు నెలలకు దిగాడు. జీతం లేని సెలవు, మూడు గదుల ఇంటికి పద్దెనిమిది వేల అద్దె. పదకొండు నెలల్లో నాలుగు నెలలు ఖాతా ముందే అయిపోయింది. అందులో రెండు పెళ్ళిళ్ళ నెలలు, ఒకటి బడి ఫీజు నెల, ఒకటి పిల్లవాడికి డెంగీ వచ్చిన నెల. అనుకున్న సొమ్ము కంటే మూడో వంతు ఎక్కువ కావాలని తేల్చుకుని, మరో అయిదేళ్ళు పనిచేస్తానని కుటుంబంతో సహా తిరిగి వెళ్ళిపోయాడు. అద్దె కింద పోయింది రెండు లక్షల లోపే.

చిన్నమ్మకు మాత్రం అతని మీద కోపం ఇంకా తగ్గలేదు. మొన్న వెళ్ళినప్పుడు కూడా అదే ఎత్తుకుంది. "అత్త ఇల్లు పక్క వీధిలో పెట్టుకుని పరాయివాళ్ళకు అద్దె పోశాడురా. పిలిచినప్పుడల్లా ఏదో వంక. మీ అన్న అలా కాదు, ఆరు నెలలూ నా చేతి అన్నమే తిన్నాడు."